62 శాతం పూర్తయిందని రాసే ముందు

ఈ మధ్య ఒక ప్రాజెక్టు కవర్ నోట్ కంటబడింది. పాలమూరు వైపు మూడు మండలాల్లో రైతుల చెల్కల్లో పంట కుంటలు తవ్వించి, లోపల ప్లాస్టిక్ షీట్ పరిపించే ప్రాజెక్టు. ప్రాజెక్టు లీడ్ డైరెక్టర్‌కి 22 స్లైడ్ల డెక్ పంపుతూ పైన రాసిన నోట్ అది. సంస్థ పేరు అవసరం లేదు. అంకెలు కూడా మార్చాను, లెక్క అర్థం కావడానికి వీలుగా. నోట్ సారాంశం ఇది:

"మేడమ్, మార్చి నెలాఖరు ప్రగతి నివేదిక జతచేశాను. 120 కుంటలకు గాను 74 పూర్తయ్యాయి, అంటే 62 శాతం. పనులు ప్రణాళిక ప్రకారం సాగుతున్నాయి. మూడు రిస్కులు గుర్తించాం: వర్షాకాలం వల్ల జాప్యం, రాతి నేల, భద్రత. వీటిని నిరంతరం పర్యవేక్షిస్తూ తగిన చర్యలు తీసుకుంటున్నాం. దయచేసి పరిశీలించగలరు."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఇది చదివిన డైరెక్టర్ చేయగలిగిన పని కూడా ఒక్కటీ లేదు. "సరే, మంచిది" అని జవాబిచ్చి పక్కన పెట్టడం తప్ప. నేను చెప్పదలుచుకున్నది ఇంతే: కవర్ నోట్ డెక్‌ను కుదించి చెప్పేది కాదు. డెక్‌లో అంకెలు దాచిపెట్టినదాన్ని బయటపెట్టి, ఏ తారీకులోపు ఎవరు ఏం తేల్చాలో అడిగేది. ఆ పని చేయని నోట్‌కన్నా డెక్‌ను ఉత్తగా పంపడమే నయం. కనీసం స్లైడ్లైనా తిప్పి చూస్తారు.

"పూర్తయింది" అంటే ఏది?

ఆ డెక్‌లోనే, తొమ్మిదో స్లైడ్‌లో ఒక పట్టిక ఉంది. తవ్వినవి 74. షీట్ పరిచినవి 31. కంచె వేసినవి 18. మూడు అంకెలూ ఒకే పట్టికలో, ఒకే సైజు అక్షరాల్లో. కవర్ నోట్‌లోకి మాత్రం అన్నిటికన్నా పెద్దదే ఎక్కింది.

పాలమూరు ఎర్ర చెల్కలో, కింద మొరం ఉన్న చోట, తవ్వి వదిలేసిన గుంతలో నీళ్లు నిలవవు. వాన పడ్డ వారం పది రోజుల్లో కిందికి దిగిపోతాయి. భూగర్భ జలం పెరగడానికి అది మంచిదే, దాన్ని ఇంకుడు కుంట అని పిలిచి వేరే లెక్కలో రాసుకోవచ్చు. కానీ ఈ ప్రాజెక్టు రైతుకు చెప్పింది వేరు. ఆగస్టులో రెండు మూడు వారాలు వాన మొహం చాటేస్తే ఎకరం పంటకు తడి ఇచ్చేందుకు నీళ్లు దాచిపెడతాం అని చెప్పింది. ఆ మాట ప్రకారం చూస్తే షీట్ లేని గుంత కుంట కాదు, గుంతే. కాబట్టి 62 శాతం కాస్తా 26 శాతమవుతుంది.

షీట్ పరిచి కంచె లేని కుంటను రైతుకు అప్పజెప్పకూడదు. ఎందుకో కింద చెప్తాను. ఆ లెక్కన వాడకానికి సిద్ధంగా ఉన్నవి 18. అంటే 15 శాతం.

62, 26, 15. ఒకే పట్టిక, ఒకే తారీకు. డైరెక్టర్‌కి మొదటి వాక్యంలో ఏ అంకె చెప్పాలి? నా దృష్టిలో మూడూ చెప్పాలి, చిన్నదానితో మొదలుపెట్టి: "120లో 18 వాడకానికి సిద్ధం, మరో 13 షీట్ పడి కంచె కోసం ఆగాయి, మరో 43 తవ్వకం అయి షీట్ కోసం ఆగాయి, 46 ఇంకా తవ్వాలి." నాలుగూ కలిపితే 120 వస్తుంది. కలపగానే మొత్తం సరిపోయే వాక్యమైతే చదివేవాళ్లకు అనుమానం మిగలదు. శాతాలకు ఆ సుగుణం లేదు. దేనిలో శాతమో మళ్లీ అడగాల్సి వస్తుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తెలుసు. "తవ్వకమే పెద్ద ఖర్చు, పెద్ద పని. అది 62 శాతం అయితే చిన్నబుచ్చుకుని 15 అని రాసుకోవడం ఎందుకు?" న్యాయమైన మాటే. డబ్బు లెక్కలో చూస్తే ప్రాజెక్టు నిజంగానే సగం దాటింది. అది చెప్పండి, కానీ ఖర్చు వాక్యంలో చెప్పండి. పని వాక్యంలో కాదు. ఖర్చు సగం దాటి, వాడకానికి సిద్ధమైనవి 15 శాతం దగ్గర ఉంటే, ఆ తేడాయే డైరెక్టర్‌కి తెలియాల్సిన మొదటి సంగతి.

మృగశిర దాటితే జులై రాదు, జనవరి వస్తుంది

ఇప్పుడు రిస్కులు. "వర్షాకాలం వల్ల జాప్యం" అనే మాటను తీసుకుందాం. జాప్యం అనగానే చదివేవాళ్లకు ఒక నెల, నెలన్నర తట్టుతుంది. ఇక్కడ అసలు సంగతి అది కాదు.

మృగశిర కార్తె జూన్ 7, 8 తారీకుల్లో ప్రవేశిస్తుంది. ఒకటి రెండు మంచి వానలు పడగానే రెండు జరుగుతాయి. తవ్విన గుంత అడుగున బురద చేరుతుంది. బురద మీద షీట్ పరవలేరు, పరిచినా కింద నీరు చిక్కుకుని షీట్ బుడగలా పైకి లేస్తుంది. రెండోది ఇంకా పెద్దది: రైతు చుట్టూ ఉన్న చేను దున్ని విత్తనం పెడతాడు. మొలకల మీంచి షీట్ బండి పోనివ్వమని ఏ రైతునూ అడగలేం. ఆ చేను పత్తి అయితే ఏరడాలు సంక్రాంతి దాకా నడుస్తాయి. కాబట్టి జూన్ మొదటి వారం తప్పిన కుంట మళ్లీ జనవరిలోనే చేతికొస్తుంది. రెండు వారాల ఆలస్యం ఏడు నెలలవుతుంది, ఒక వానాకాలం పోతుంది. ఈ మెట్టు ఎక్కడుందో చెప్పకుండా "జాప్యం" అని రాయడం వల్లే ఈ రిస్కు ప్రతి నెలా అదే పసుపు రంగులో డెక్‌లో కూర్చుంటుంది.

దీన్ని ఎట్లా రాయాలో లెక్క వేసి చూద్దాం. షీట్ పరవాల్సినవి 89. రెండు ముఠాలు ఉన్నాయి. ఒక ముఠా ఐదుగురు. ఒక కుంటకు రెండు రోజులు పడుతుంది. మొదటి రోజంతా వాలు సరిచేయడం, పొడుచుకొచ్చిన రాళ్లు, వేర్లు ఏరేయడం, మెత్తటి మట్టి పరిచి తడిపి తొక్కించడం, చుట్టూ అంచు కాలువ తీయడం. రెండో రోజు షీట్ దించి, పరిచి, అంచును ఆ కాలువలో దింపి మట్టితో పూడ్చడం. ఏప్రిల్, మే ఎండల్లో ఇది పొద్దున, సాయంత్రం చేసే పని. మిట్టమధ్యాహ్నం ఎండకు సాగిన షీట్‌ను బిర్రుగా లాగి పూడిస్తే రాత్రికి ముడుచుకుని అంచు కాలువలోంచి ఊడి వస్తుంది. అందుకే ఎక్కువ మందిని పెట్టి ఒక్క రోజులో లాగించేద్దాం అనుకోవడానికి లేదు. ముఠాలు పెరగాలి తప్ప ముఠాలో మనుషులు పెరిగితే లాభం లేదు.

రెండు ముఠాలు కలిసి రోజుకు ఒక కుంట. ఏప్రిల్ 1 నుంచి జూన్ 7 దాకా 68 రోజులు. ఆదివారాలు, ఒక పండుగ తీసేస్తే 58. అంటే 58 కుంటలవుతాయి, 31 మిగిలిపోతాయి. ఇది "రావచ్చు" అనే రిస్కు కాదు. ఇప్పుడున్న ముఠాలతో ఖాయంగా జరిగేది.

మూడో ముఠా ఏప్రిల్ 10న దిగితే? మొదటి 8 పనిదినాల్లో 8 కుంటలు, మిగతా 50 రోజుల్లో రోజుకు ఒకటిన్నర చొప్పున 75. మొత్తం 83. ఆరే మిగులుతాయి. మూడో ముఠా రాక ఎంత వెనక్కి పోతే, ప్రతి రెండు పనిదినాలకు ఒక కుంట చొప్పున చేజారుతుంది. డైరెక్టర్‌కి కావాల్సిన వాక్యం ఈ చివరిదే. "తక్షణమే" అనే మాట కన్నా "రెండు రోజులకు ఒక కుంట" అనే మాటకు బరువెక్కువ. ఖర్చు: ఐదుగురికి రోజుకు 700 చొప్పున 50 రోజులకు 1,75,000 రూపాయలు.

ఒక సంగతి ఇక్కడ దాటేయకూడదు. షీట్ ఫ్యాక్టరీలో కుంట కొలతకు తగ్గట్టు అతికించి ఒకే ముక్కగా వస్తుంది. కొలత తవ్వకం అయ్యాకే తెలుస్తుంది. కొలత పంపాక షీట్ రావడానికి మూడు వారాలు. ఇప్పటికే తవ్విన 43 కుంటల షీట్లు గోడౌన్‌లో ఉన్నాయి కాబట్టి ముఠాలకు మే వరకు పని ఉంటుంది. ఆ తర్వాతి వాటికి తవ్వకం మే 10 నాటికి ముగియాలి. లేకపోతే మూడు ముఠాలూ చేతులు కట్టుకుని కూర్చుంటాయి. అంటే మూడో ముఠాకు సంతకం పెట్టడంతో పని అయిపోదు, మే 10 అనే రెండో తారీకు కూడా నోట్‌లో ఉండాలి. వెనకాల ఇది కూడా ఉంది: పాలమూరు నుంచి పనికి పోయిన జనం మృగశిర ముందు విత్తనాలకు తిరిగొస్తారు, ఏప్రిల్‌లో కాదు. ముఠా స్థానికంగా దొరక్కపోతే బయటి నుంచి తేవాలి, అప్పుడు 700కు రారు. ఇది లీడ్‌కి తెలిసిన విషయం, డైరెక్టర్‌కి తెలియకపోవచ్చు. ఒక్క ముక్కలో రాస్తే చాలు.

పరుపుబండ: భయం ఒక చోట, నష్టం ఇంకో చోట

"రాతి నేల" అన్న రిస్కు నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. ఎందుకంటే డెక్‌లో చూపించిన భయం ఒకటి, అసలు నష్టం ఇంకొకటి.

తవ్విన 74లో 9 కుంటలు 1.8 మీటర్ల దగ్గర ఆగిపోయాయి. కింద పరుపుబండ. పొక్లెయిన్ పళ్లు గీరుతున్నాయి తప్ప దిగడం లేదు. డిజైన్ ప్రకారం లోతు 3 మీటర్లు. డెక్‌లో "లోతు 40 శాతం తక్కువ" అని ఎర్ర అక్షరాల్లో ఉంది. చూడగానే గుండె గుభేలుమంటుంది. నీళ్ల లెక్క వేస్తే అంత లేదు. పైన 20 మీటర్లు పొడవు, 20 వెడల్పు, వాలు మీటరు లోతుకు పక్కకు ఒకటిన్నర మీటరు. ఇలా 3 మీటర్లు దిగితే అడుగు 11 మీటర్ల చదరం అవుతుంది, మొత్తం 741 ఘనపు మీటర్లు పడతాయి. 1.8 మీటర్ల దగ్గరే ఆగితే అడుగు 14.6 మీటర్ల చదరంగా వెడల్పుగా ఉంటుంది, 543 ఘనపు మీటర్లు పడతాయి. వాలు వల్ల కింది పొరల్లో నీళ్లు తక్కువే కాబట్టి లోతు 40 శాతం పోయినా నీళ్లు 27 శాతమే పోయాయి.

రైతు భాషలో చెప్తే ఇంకా తేలిక. ఎకరానికి రెండు అంగుళాల తడి అంటే సుమారు 200 ఘనపు మీటర్లు. నిండు కుంట మూడున్నర తడులు, బండ తగిలిన కుంట రెండున్నర తడులకు కొంచెం పైన. రెంటిలోనూ ఎండకు ఆవిరయ్యేది తీసేయాలి. పైన నీటి వెడల్పు ఒకటే కాబట్టి ఆవిరయ్యేదీ దాదాపు ఒకటే, తక్కువ నీళ్లున్న కుంటకు ఆ దెబ్బ కాస్త గట్టిగా తగులుతుంది. అయినా రైతుకు ఆ కుంట పనికొస్తుంది.

మరి రిస్కు ఎక్కడుంది? ఒప్పందంలో. నిధులిచ్చేవాళ్ల పత్రంలో "3 మీటర్ల లోతు గల కుంట" అని ఉంటే, తనిఖీకి వచ్చినాయన టేపు దించి 1.8 చూసి ఆ కుంటను లెక్కలోంచి కొట్టేస్తాడు. ఆయన తప్పేం లేదు, ఆయన చేతిలో ఉన్న కాగితం అది. 9 కుంటల బిల్లు ఆగుతుంది. కాబట్టి ఇది ఇంజినీరింగ్ రిస్కు కాదు, చివరి వాయిదా డబ్బు రిస్కు. దీన్ని తీర్చేది పొక్లెయిన్ డ్రైవర్ కాదు, డైరెక్టర్ రాసే ఉత్తరం: "లోతు బదులు నీటి పరిమాణం ప్రకారం, 500 ఘనపు మీటర్లు దాటితే కుంటగా ఒప్పుకోండి" అని, తనిఖీకి ముందే. తనిఖీ తర్వాత రాస్తే అది విన్నపమవుతుంది, సంజాయిషీలా వినిపిస్తుంది.

రిస్కును లీడ్ తన చేతిలో ఉన్నట్టు రాయడం ఇక్కడే దెబ్బతీస్తుంది. "రాతి నేల సమస్యను పర్యవేక్షిస్తున్నాం" అంటే బండను రోజూ చూసి వస్తున్నామనేనా?

మిగిలిన 46లో ఎన్నింటికి బండ తగులుతుంది? 74కు 9 చొప్పున చూస్తే ఐదో ఆరో అనిపిస్తుంది. నేనైతే ఆ అంకె రాయను. ఏ ప్రాజెక్టులోనైనా మొదట తవ్వేవి తేలికైన చోట్లు: రోడ్డు పక్కవి, మెత్తటి నేలవి, ముందుగా సరేనన్న రైతులవి. వెనక మిగిలేవి గట్టు పక్క పొలాలే. కాబట్టి పాత నిష్పత్తి ముందుకు పనికిరాదు. ప్రతి చోటా అరగంట జేసీబీ పెట్టి రెండు మీటర్ల పరీక్ష గుంత తీస్తే తేలిపోతుంది. తగిలితే అదే రైతు పొలంలో దిగువకు జరపాలి, లేదా లోతు తగ్గించి వెడల్పు పెంచాలి. ఇది లీడ్ తనంతట తాను చేయగలిగింది. డైరెక్టర్‌ను అడగక్కర్లేదు, చేస్తున్నామని ఒక వాక్యం చాలు.

మూడోది మొదటికి రావాలి

"భద్రత" అనే ఒక్క మాట ఆ నోట్‌లో చివర ఉంది. డెక్‌లో రిస్కు పట్టికలో దానికి సంభావ్యత "తక్కువ", ప్రభావం "ఎక్కువ", రెండూ కలిపి "మధ్యస్థం". ఆ గుణకారం నాకు ఒప్పుదల కాదు.

షీట్ పరిచిన కుంట మామూలు చెరువు లాంటిది కాదు. చెరువు గట్టు మట్టి, కాలు ఆనుతుంది, గడ్డి దొరుకుతుంది. ప్లాస్టిక్ వాలు తడిస్తే సబ్బు రాసినట్టు జారుతుంది. ఈత వచ్చిన మనిషి కూడా అంచు దగ్గర పట్టు దొరక్క అలిసిపోతాడు. పిల్లలు, మేకలు సరేసరి. 13 కుంటలు ఇప్పుడు షీట్ పడి, కంచె లేకుండా ఉన్నాయి. మార్చిలో ఎండిపోయే ఉన్నాయి కదా అనుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారంతో పడే అకాల వాన ఒక్కటి చాలు, వాలు జారుతుంది, అడుగున నీళ్లు చేరతాయి. పైగా అవి బడి సెలవులు.

కంచె ఎందుకు పడలేదు? డెక్‌లో ఇది ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది: కంచెకు పాతే రాతి కడీలు రైతు వాటా. రైతు నీళ్లు చూశాక కడీలు తెద్దాం అనుకుంటున్నాడు. అతని వైపు నుంచి అది తెలివైన ఆలోచనే. కంచె వరస కుంట అంచుకు రెండు మీటర్ల అవతల పోతుంది కాబట్టి చుట్టూ 96 మీటర్లు. మూడు మీటర్లకు ఒకటి చొప్పున 32 కడీలు. 13 కుంటలకు 416. ఒక్కోటి 250 అనుకుంటే 1,04,000 రూపాయలు. ప్రాజెక్టే ఇప్పుడు కొని పాతించి, రైతు వాటాను తర్వాత వసూలు చేసుకోవచ్చు. కొందరి దగ్గర రాకపోవచ్చు కూడా, అది ఒప్పుకునే రాయాలి. దీంతోపాటు నాలుగు వైపులా ముడులు వేసిన తాళ్లు, అంచుకు పూడ్చి కిందికి వేలాడేలా. తాడు ఖర్చు లెక్కలోకి రానంత. కంచె ఉన్న 18 కుంటల్లోనూ తాళ్లు ఉన్నాయో లేదో పట్టిక చెప్పడం లేదు.

ఇక్కడ ఒక పండితుల అభ్యంతరం ఉంది. కంచె లేకపోవడం ఇప్పటికే ఉన్న సమస్య, రిస్కు అంటే ఇంకా జరగనిది, రెంటినీ కలపొద్దు అంటారు. పుస్తకం ప్రకారం నిజమే. నేను పట్టించుకోను. డైరెక్టర్‌కి ఆ వర్గీకరణ వల్ల ఒరిగేదేం లేదు. జరిగిన భాగం 13 కుంటలు, జరగకూడని భాగం ఒక ప్రాణం అని రాస్తే రెండూ తెలుస్తాయి.

అందుకే మూడింటి వరస మార్చాలి. స్కోరు ప్రకారం కాదు, తిరిగి సరిచేసుకోగలమా లేదా అన్నదాని ప్రకారం. ప్రాణం తిరిగి రాదు, అది మొదట. వానాకాలం పోతే ఏడు నెలలకు కుంట మళ్లీ చేతికొస్తుంది, అది రెండోది. బిల్లు ఆగితే ఉత్తరాలు నడిపి తెచ్చుకోవచ్చు, అది మూడోది.

తిరగరాస్తే

ఇదంతా చేర్చినా నోట్ ఒక పేజీ దాటదు. నేను రాస్తే ఇలా రాస్తాను:

"మేడమ్ గారికి,

మార్చి 31 నాటికి 120 కుంటల్లో 18 వాడకానికి సిద్ధం. 13 షీట్ పడి కంచె కోసం, 43 తవ్వకం అయి షీట్ కోసం ఆగాయి. 46 తవ్వాలి. డెక్ 4వ స్లైడ్‌లో ఉన్న 62 శాతం తవ్వకం మాత్రమే. మీ నుంచి మూడు నిర్ణయాలు కావాలి.

ఒకటి, షీట్ పడిన 13 కుంటలకు కంచె లేదు, ఎవరైనా జారిపడితే ప్రాణం పోవచ్చు. కడీలు రైతు వాటా, వాళ్లు వాన దాకా తెచ్చేలా లేరు. 416 కడీలు మనమే కొనడానికి 1,04,000 రూపాయలకు ఏప్రిల్ 5 లోపు అనుమతి ఇస్తే 20 నాటికి పాతిస్తాం. కొంత తిరిగి రాకపోవచ్చు. ఇకపై కంచె సామాను చేరనిదే ఏ కుంటకూ షీట్ పరవం, అది నేను ఇవాళ్టి నుంచి అమలు చేస్తున్నాను. అందువల్ల కొన్ని చోట్ల షీట్ పని ఆగొచ్చు.

రెండు, ఇప్పుడున్న రెండు ముఠాలతో జూన్ 7 నాటికి 31 కుంటలు షీట్ లేకుండా మిగులుతాయి, అవి మళ్లీ జనవరికే చేతికొస్తాయి. మూడో ముఠా ఏప్రిల్ 10న దిగితే ఆరు మిగులుతాయి. తర్వాత ప్రతి రెండు పనిదినాలకు ఒక కుంట పోతుంది. ఖర్చు 1,75,000, ముఠా బయటి నుంచి వస్తే ఇంకా పెరుగుతుంది. తవ్వకం మే 10 లోపు ముగియకపోతే ఈ లెక్క నిలవదు. మే 1న మీకు అది మళ్లీ చెప్తాను.

మూడు, 9 కుంటలు బండ వల్ల 1.8 మీటర్ల దగ్గర ఆగాయి. ఒక్కోదాంట్లో 543 ఘనపు మీటర్లు పడతాయి, రైతుకు పనికొస్తాయి. ఒప్పందంలో 3 మీటర్లు అని ఉంది కాబట్టి బిల్లు ఆగొచ్చు. తనిఖీకి ముందే పరిమాణం ప్రకారం ఒప్పుకోమని మీరు ఉత్తరం రాయాలి, ముసాయిదా జతచేశాను.

మిగతా రిస్కులు 19వ స్లైడ్‌లో ఉన్నాయి. వాటికి మీరు చేయాల్సింది ఇప్పుడేం లేదు."

చివరి వాక్యం తీసేయాలని కొందరికి అనిపిస్తుంది. నాకది నోట్‌లో మంచి వాక్యాల్లో ఒకటి. ఎక్కడ ఆగొచ్చో చదివేవాళ్లకు చెప్తుంది.

పంపడానికి ముందు వెనకాడేవి

ఇలాంటి నోట్ రాయడానికి లీడ్లు ఎందుకు జంకుతారో తెలియనిది కాదు. మొదటిది, "పోయిన నెల పనులు బాగున్నాయని రాశావు, ఇప్పుడు 15 శాతమా?" అనే ప్రశ్న. దీనికి దొడ్డిదారి లేదు. నోట్ పంపే ముందు ఫోన్ చేసి, పోయిన నెల ఏ అంకె చెప్పానో, అది దేనిదో చెప్పేయాలి. నోట్ చూసి ఉలిక్కిపడేలా చేయడం మర్యాద కాదు.

రెండోది గట్టి అభ్యంతరం. నోట్ ఈమెయిల్‌లో పోతుంది, డైరెక్టర్ దాన్ని యథాతథంగా నిధులిచ్చేవాళ్లకు పంపొచ్చు. "కంచె లేదు, ప్రాణం" అనే మాట వాళ్ల కంట పడితే? దీనిమీద నేను చాలాసార్లు అటూ ఇటూ ఊగాను. ఆ భయంతో మెత్తబరిచి రాస్తే డైరెక్టర్‌కి కూడా మెత్తగానే చేరుతుంది. ప్రమాదం జరిగాక ఆ మెత్తటి నోట్‌ను తీసి చదివితే అది ఎవరినీ కాపాడదు కూడా. చివరికి నేను ఆగిన చోటు ఇది: బయటివాళ్లు చదివినా నిలబడేలా రాయి. అంటే నిందలు వద్దు, రైతు పేర్లు వద్దు, కానీ అంకెలు, తారీకులు అవే ఉండనీ. పైన రాసిన నోట్ నిధులిచ్చేవాళ్లు చదివినా నష్టం లేదనుకుంటాను, "మూడు" అని మొదలయ్యే బండ పేరా తప్ప. ఆ ముక్కను వేరే మెయిల్‌లో పంపడం తెలివి.

ఇంకొకటి భాష సంగతి. మన ఆఫీసుల్లో ఈ నోట్లు ఎక్కువగా ఇంగ్లీషులో పోతాయి. ఇంగ్లీషులో రాసినా సరే, రిస్కు పేరాలు ముందు తెలుగులో, మండల కోఆర్డినేటర్‌కి ఫోన్‌లో చెప్పినట్టు రాసుకుంటే తేడా కనిపిస్తుంది. "చర్యలు తీసుకోబడుతున్నాయి" అని ఫోన్‌లో ఎవరూ అనరు. "కడీలు ఎవరు తెస్తున్నరు, ఎప్పుడు తెస్తున్నరు" అంటారు. ఆ రెండు ప్రశ్నలకు జవాబు లేని పేరా ఇంగ్లీషులోకి పోకముందే దొరికిపోతుంది.

మూడే ఎందుకు, ఐదుంటే తప్పా అంటారు. తప్పేం కాదు. కానీ డైరెక్టర్ చేతిలో ఉన్నవి ఐదు దాకా వచ్చాయంటే, అందులో రెండు లీడ్ తన చేతిలోంచి పైకి తోసినవై ఉంటాయి. పరీక్ష గుంతల ఖర్చు అలాంటిదే.

డైరెక్టర్ జవాబు సాధారణంగా ఫోన్‌లో, కారులో పోతూ వస్తుంది: "మొదటిది సరే, రెండోది అకౌంట్స్‌తో మాట్లాడి చెప్తా, మూడోది ఉత్తరం చూస్తా." ఆ మూడు ముక్కలను అదే రోజు "ఇవాళ ఫోన్‌లో మీరు చెప్పినట్టు" అని అదే మెయిల్ కింద రాసి తిరిగి పంపాలి. మే 1న వెళ్లే నోట్ ఈ మూడింటితోనే మొదలవ్వాలి: కడీలు 416లో ఎన్ని పాతారు, మూడో ముఠా ఏ తారీకున దిగింది, ఉత్తరానికి జవాబు వచ్చిందా. ఆ తర్వాతే కొత్త అంకెలు.